పొద్దున మూడు, సాయంత్రం నాలుగు

చైనా భాషలోని నాలుగక్షరాల నుడికారాలు ఏమిటి? ఒకదాని కథ, వాడే సందర్భం చెబుతారా?

వీటిని చైనీయులు ‘చెంగ్‌యు’ అంటారు. చాలావాటి వెనుక ప్రాచీన గ్రంథాల్లోని కథ ఉంటుంది కనుక అక్షరార్థం తెలిసినంత మాత్రాన భావం అందదు. ‘జావో సాన్ మూ స్’ అంటే ‘పొద్దున మూడు, సాయంత్రం నాలుగు’. కోతులను పెంచే ఒకాయన ఓక్ గింజలను ఆ లెక్కన ఇస్తాననగానే అవి మండిపడ్డాయనీ, పొద్దున నాలుగు, సాయంత్రం మూడు అనేసరికి, మొత్తం ఏడే అయినా, సంతోషించాయనీ ‘జువాంగ్‌జి’ గ్రంథం చెబుతుంది. మాటలు అటూ ఇటూ మార్చి ఏమార్చడమనే పాత అర్థం పోయి, విచిత్రంగా, నేడిది నిలకడలేనితనాన్ని సూచిస్తోంది. అందుచేత ఉద్యోగాలనో ప్రేమలనో తరచూ మార్చే మనిషి గురించి ‘అతడు జావో సాన్ మూ స్ మనిషి’ అనవచ్చు. ఇందులో నింద ఉంది కాబట్టి, తగిన కారణంతో ఒక్కసారి నిర్ణయం మార్చుకున్నవారికి ఇది నప్పదు.