మహిళల పేజీ కాదు, మామూలు పద్దు చూడండి

ప్రశ్న: మా మున్సిపాలిటీ బడ్జెట్‌లో ఈసారి జెండర్ బడ్జెట్ అని ఒక పేజీ పెట్టారు. ఖర్చు నిజంగా ఆడవాళ్లకు ఎంత పనికొస్తుందో ఎలా చూడాలి? చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ముందు ఆ పేజీ పక్కన పెట్టండి. నేను ఒక మున్సిపాలిటీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసినప్పుడు అలాంటి పేజీ తయారుచేయడం చూశాను. పేరులో మహిళ అనే మాట ఉన్న పద్దులన్నీ ఏరి కూడతారు. అంకె చిన్నగా కనిపిస్తే, జనాభాలో సగం ఆడవాళ్లే కదా అని పార్కుల ఖర్చులో సగం, లైట్ల ఖర్చులో సగం కలిపేస్తారు. కాబట్టి ఆ వాటా ఏ లెక్కన వేశారో అడగండి. ఎవరు ఎంత వాడుతున్నారో లెక్కబెట్టిన కాగితం లేకపోతే ఆ అంకెను నమ్మకండి.

ఆ తర్వాత మహిళ అనే మాటే లేని ఒక మామూలు పద్దు తీసుకోండి, ఒక్కటి చాలు. స్వీడన్‌లోని కార్ల్‌స్కోగా అనే ఊళ్లో మంచు తీసే పనిని ఇలాగే పరిశీలించారు. కార్లు తిరిగే పెద్ద రోడ్లు ముందు, కాలిబాటలు చివర శుభ్రం చేస్తున్నారని, నడిచి వెళ్లేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువని తేలాక వరస మార్చారు.

నేను తీసుకున్నది పబ్లిక్ టాయిలెట్ల పద్దు. బడ్జెట్‌లో అది ఒక్క లైను, అందులో ఏమీ తెలియదు. ఇంజనీరింగ్ సెక్షన్ నుంచి డ్రాయింగ్ తెప్పించుకుంటే అసలు సంగతి బయటపడింది. భవనాన్ని మధ్యకు రెండు సమాన భాగాలు చేశారు, ఖర్చూ సమానమే. కానీ మగవాళ్ల వైపు 4 గదులు, 8 యూరినల్స్ పట్టాయి, ఆడవాళ్ల వైపు 6 గదులే పట్టాయి. అంటే అటు ఒకేసారి 12 మంది, ఇటు 6 మంది. ఆడవాళ్లకు పట్టే సమయం దాదాపు రెట్టింపు అనుకుంటే, అదే గంటలో మగవాళ్ల వైపు నలుగురు వెళ్లొస్తే ఇటు ఒక్కరే వెళ్లిరాగలరు. నెలసరి, చంటిపిల్లలు ఉన్నవాళ్ల సంగతి ఈ లెక్కలో లేనే లేదు.

ఇక్కడితో ఆగకండి, నిర్వహణ పద్దు కూడా తీయండి. కట్టడానికి డబ్బు ఒక పద్దులోంచి వస్తుంది, కాపలామనిషి జీతం, నీళ్లు, బల్బులు ఇంకో పద్దులోంచి వస్తాయి. మూడు కాలమ్‌లు పక్కపక్కన పెట్టుకోండి: మొదట అనుకున్న అంచనా, ఏడాది మధ్యలో సవరించిన అంచనా, చివరికి నిజంగా ఖర్చయినది. మా దగ్గర మధ్యలో కోత పడింది, సాయంత్రం షిఫ్టు మనిషిని తీసేశారు. కాగితం మీద అది పొదుపు.

ఆ పొదుపు ఎలా ఉందో చూద్దామని ఒక రోజు నోట్‌బుక్ పట్టుకుని సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా అక్కడే కూర్చున్నాను. ఆరింటికి ఆడవాళ్ల వైపు తాళం పడింది. మగవాళ్ల యూరినల్స్‌కు తలుపే లేదు కాబట్టి అవి తెరిచే ఉన్నాయి. ఇద్దరు వచ్చి తాళం చూసి ఏమీ అనకుండా వెనక్కి వెళ్లిపోయారు. ఎదురుగా సామాన్లు అమ్ముకునే ఒకామెను అడిగితే "మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగనమ్మా, అలవాటైపోయింది" అంది. ఇలాంటిది ఏ ఆడిట్‌లోనూ రాదు. గేటు దగ్గర తలలు లెక్కబెట్టినా రాదు, ఎందుకంటే ఆమె అసలు గేటు దాకా రాదు. అందుకే వాడేవాళ్లను లెక్కబెట్టడంతో పాటు రానివాళ్లను వెతికి అడగాలి. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

ఆదాయం వైపు కూడా చూడటం మర్చిపోకండి. మా దగ్గర యూరినల్ ఉచితం, గదికి డబ్బులు. నియమం అందరికీ ఒకటే అని రాసి ఉంది, కానీ అదే అవసరానికి మగవాళ్లు ఏమీ కట్టరు, ఆడవాళ్లు ప్రతిసారీ కట్టాలి. వచ్చిన మొత్తం ఎవరి నుంచి ఎంత అని విడదీయమంటే రసీదు పుస్తకంలో ఆ వివరమే లేదు. మీ దగ్గర కూడా ఉండకపోవచ్చు, లేకపోతే లేదని ముందే రాసివ్వమని అడగండి, లేకపోతే మూడు నెలలు తిప్పుతారు.

నేను ఈ లెక్కలన్నీ ఒక పేజీలో రాసి, తాళం ఫోటో జతచేసి, బడ్జెట్ సమావేశానికి ముందే ఇద్దరు కౌన్సిలర్లకు ఇచ్చాను. బడ్జెట్ ఆమోదం అయ్యాక ఇస్తే వచ్చే ఏడాది చూద్దాం అంటారు. సాయంత్రం షిఫ్టు మళ్లీ పెట్టారు, ఆడవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవడం ఆపేశారు. భవనం మాత్రం అలాగే ఉంది, కట్టేశాక గోడ జరపరు కదా. అందుకే మీరు ఇంకా టెండర్ దాకా వెళ్లని పని ఏదైనా ఉంటే ముందు దాని డ్రాయింగ్ అడగండి.