రాబీ గ్రాఫ్ సగంలోనే ఆగిపోతే

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల ల్యాబ్‌లో ప్రాజెక్ట్ పోస్టు ఇంటర్వ్యూకి వెళ్లాను. రాబీ ఫార్ములా రాశాను గానీ, ‘గ్రాఫ్ సగం దాకానే ఎక్కుతోంది, ఎందుకు?’ అంటే నోరు పెగల్లేదు. వచ్చే నెల ఇంకో ఇంటర్వ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది. ఏం చదవాలి?

జవాబు: కొత్త పుస్తకం అక్కర్లేదు. మీరు రాసిన ఫార్ములాలోనే అంకెలు వేసి చూడండి:

P = Ω²/(Ω²+Δ²) · sin²(√(Ω²+Δ²) · t/2)

ఇందులో P అంటే t సమయానికి క్యూబిట్ పై స్థాయిలో ఉండే అవకాశం, Ω అంటే మైక్రోవేవ్ బలాన్ని బట్టి ఉండే రాబీ ఫ్రీక్వెన్సీ, Δ అంటే మైక్రోవేవ్‌కీ క్యూబిట్‌కీ ఫ్రీక్వెన్సీలో ఉన్న తేడా. క్యూబిట్ ఫ్రీక్వెన్సీ 5 గిగాహెర్ట్జ్, Ω/2π 10 మెగాహెర్ట్జ్ అనుకుందాం. మైక్రోవేవ్ కూడా సరిగ్గా 5 గిగాహెర్ట్జ్ అయితే Δ సున్నా. క్యూబిట్ 50 నానోసెకన్లకి పూర్తిగా పై స్థాయికి చేరి, 100కి కిందికి వస్తుంది. ఆ 50 నానోసెకన్లదే పై-పల్స్. (గ్రీకు ‘పై’ తెలుగు ‘పై’కి భలే కుదిరింది.)

ఇప్పుడు మైక్రోవేవ్‌ను 10 మెగాహెర్ట్జ్ పక్కకి జరపండి. గ్రాఫ్ సగం దాకానే ఎక్కుతుంది, కానీ ఊగే వేగం 1.41 రెట్లు అవుతుంది. 100 నానోసెకన్ల పీరియడ్ 71కి తగ్గుతుంది. పాత 50 నానోసెకన్ల పల్సే కొడితే క్యూబిట్ పైకి వెళ్లే అవకాశం 32 శాతమే.

చాలామంది ఎత్తు తగ్గడం చెప్పి ఆగిపోతారు. అసలు ఆనవాలు వేగం. రీడవుట్ తప్పు వల్ల కూడా ఎత్తు తగ్గుతుంది, కానీ అప్పుడు వేగం మారదు. కాలం గడిచేకొద్దీ ఊపు సన్నగిల్లుతుంటే అది డీకోహెరెన్స్. కాబట్టి ‘మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీని రెండు వైపులా కొద్దికొద్దిగా జరిపి, ఊపు ఎక్కడ అన్నిటికంటే నెమ్మదిగా ఉందో చూస్తాను, రెజొనెన్స్ అక్కడే’ అని చెప్పండి. రెండు వైపులా ఎందుకంటే, ఫార్ములాలో ఉన్నది Δ². ఒక్క గ్రాఫ్ చూసి ఎటు తప్పామో తెలియదు.

తర్వాతి ప్రశ్న రొటేటింగ్ వేవ్ అప్రాక్సిమేషన్ మీద రావచ్చు. ఊగే ఫీల్డును ఎదురెదురుగా తిరిగే రెండు ఫీల్డులుగా విడగొట్టవచ్చు. ఒకటి క్యూబిట్‌తో పాటు తిరుగుతుంది. దానితో కలిసి తిరుగుతూ చూస్తే రెండోది దాదాపు 10 గిగాహెర్ట్జ్‌తో, అంటే 0.1 నానోసెకనుకో చుట్టు, ఎదురు తిరుగుతుంటుంది. క్యూబిట్ 50 నానోసెకన్లు తీసుకుని పైకి వెళ్లేలోపు దాని ప్రభావం కొట్టుకుపోతుంది, అందుకే వదిలేస్తాం. పూర్తిగా సున్నా మాత్రం కాదు. క్యూబిట్ ఫ్రీక్వెన్సీ ω₀ అయితే రెజొనెన్స్ సుమారు Ω²/(4ω₀) మేర జరుగుతుంది, దాన్ని బ్లాక్–సీగర్ట్ షిఫ్ట్ అంటారు. మన అంకెల్లో అది 5 కిలోహెర్ట్జ్. 10 మెగాహెర్ట్జ్ ముందు అదెంత!

‘మరి పవర్ పెంచుకుంటూ పోతే?’ అని తప్పక అడుగుతారు. Ω క్యూబిట్ ఫ్రీక్వెన్సీకి దగ్గరైతే ఈ అప్రాక్సిమేషన్ చెడుతుంది. అయితే ట్రాన్స్‌మాన్ క్యూబిట్‌లో అంతకంటే చాలా ముందే వేరే చిక్కు వస్తుంది. దానికి మూడో స్థాయి కూడా ఉంది. రెండో, మూడో స్థాయిల మధ్య దూరం, కింది రెండిటి మధ్య దూరం కన్నా 200–300 మెగాహెర్ట్జ్ మాత్రమే తక్కువ. Ω ఆ దరిదాపులకి చేరగానే పాపులేషన్ మూడో స్థాయికి లీకవుతుంది, మీ ఫార్ములాలో ఆ స్థాయే లేదు.