5 సెకన్ల హుక్‌లో క్రియాపదం ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: సొంతంగా ఒక పాట చేస్తున్నాం. రీల్స్‌లో జనం వాడుకునేలా ఒక హుక్ లైన్ కావాలి. నేను ఏది రాసినా రీల్‌లో పెట్టేసరికి సగంలో తెగిపోతోంది, లేదా అర్థం కాకుండా పోతోంది. వినిపించేదే నాలుగైదు సెకన్లు. అంత చిన్నగా, పట్టుకునేలా ఎలా రాయాలి?

జవాబు: నేను కొన్నేళ్లుగా ఇండిపెండెంట్ పాటలకి లిరిక్స్ రాస్తున్నాను, సరిగ్గా ఈ సమస్యతోనే ఒక పాట దాదాపు పాడైపోయింది. అది ఎలా బాగుపడిందో మొత్తం చెప్తాను, మీ లైన్‌కి కూడా ఇదే పనికొస్తుందని నా నమ్మకం.

ఆ పాట టెంపో 96 బీపీఎం, నిమిషానికి 96 బీట్లు. అంటే ఒక బీట్‌కి 0.625 సెకను, నాలుగు బీట్ల బార్‌కి సరిగ్గా రెండున్నర సెకన్లు, రెండు బార్లకి 5 సెకన్లు. ఒక్కో బీట్‌ని రెండు మాత్రలుగా లెక్కపెట్టుకుంటే రెండు బార్లలో 16 మాత్రలు వస్తాయి. చిన్నప్పుడు ఛందస్సు పాఠంలో చదివిన లెక్కే ఇది, లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నేను మొదట రాసిన లైన్ ఇది: "నువ్వు వెళ్ళిన దారిలోనే నా కళ్ళు ఇంకా ఎదురు చూస్తున్నాయి". పాట మొత్తం వింటున్నప్పుడు బాగానే ఉంది, పాడినవాళ్ళకీ నచ్చింది. ఒకరు దాన్ని 5 సెకన్ల వీడియోకి పెట్టారు. అందులో వినిపించింది "నువ్వు వెళ్ళిన దారిలోనే నా" వరకే. అక్కడితో వీడియో మళ్ళీ మొదటికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మాత్రలు లెక్కపెట్టాను. లైన్ మొత్తం 33 మాత్రలు, అంటే 10 సెకన్ల పైనే. అందులో మొదటి 16 మాత్రలు సరిగ్గా ఆ "నా" దగ్గర పూర్తవుతున్నాయి. పొడవు ఎక్కువైంది, నిజమే, కానీ అసలు తప్పు అది కాదు. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎలా అన్నీ చెప్పుకుంటూ వెళ్ళి చివర్లో ఏం జరిగిందో చెప్తాం, కాబట్టి వాక్యాన్ని మధ్యలో కోస్తే మొదట పోయేది అర్థమే. పల్లవి మొత్తం వినేవాళ్ళకి ఆ ఎదురుచూపు బాగుంటుంది. 5 సెకన్లలో మాత్రం అది వినపడకుండానే పోతుంది. అందుకే రీల్ కోసం రాసేటప్పుడు నేను ఇప్పుడు మొదట చేసే పని క్రియని లైన్ ముందుకి లాగడం. మనం మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా "వెళ్ళకు అటు", "చూడు ఇటు" అంటుంటాం కదా, అలా పిలిచినట్టు, ఆపినట్టు ఉండే మాటలు క్రియతో మొదలైనా వినడానికి ఎబ్బెట్టుగా ఉండవు. ఒక కథ చెప్పే వాక్యాన్ని బలవంతంగా తిప్పేస్తే మాత్రం అది తిప్పినట్టే వినిపిస్తుంది, అది చేయొద్దు.

రెండో ప్రయత్నంలో "మరలి చూడవా" అని రాశాను. సరిగ్గా 8 మాత్రలు, ఒక బార్‌కి కొలిచినట్టు సరిపోయింది, చాలా సంతోషపడ్డాను. ఊరికే చూసుకోవడానికి పాడించిన స్క్రాచ్ ట్రాక్ విన్నాక ఆ సంతోషం పోయింది. మా ట్యూన్‌లో మొదటి స్వరం రెండు మాత్రల పొడవు ఉంది. దాని మీద "మ" అనే లఘువు పెడితే పాడేవాళ్ళు ఏం చేస్తారు, సాగదీస్తారు. "మారలి" అని వినిపించింది. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే ఊరికే యాస మారినట్టు ఉండదు, మాటే వేరైపోతుంది, "కల" కాస్తా "కాల" అయినట్టు. మూడు నిమిషాల పాటలో ఒకచోట ఇలా జరిగితే వినేవాళ్ళు ముందువెనకల్ని బట్టి సర్దుకుంటారు. రీల్‌లో ముందూ లేదు, వెనకా లేదు. కాబట్టి మొత్తం మాత్రలు సరిపోయాయని వదిలేయకండి, ట్యూన్‌లో పొడుగు స్వరం ఎక్కడ పడుతుందో అక్కడే గురువు పడిందా అని ఒక్కో అక్షరం చూసుకోండి. నేను ట్యూన్‌ని "తా తక తా తా" అని కాగితం మీద రాసుకుని కింద మాటలు పేరుస్తాను. పాత పద్ధతే, కానీ దీన్ని మించింది నాకు దొరకలేదు.

మూడో ప్రయత్నంలో వచ్చింది ఇది:

చూడు వెనక్కి
నీడై ఉన్నా

మొదటి లైన్ 7 మాత్రలు, ఊపిరి తీసుకోవడానికి ఒక మాత్ర ఖాళీ. రెండోది 8 మాత్రలు. మొత్తం రెండు బార్లు, 5 సెకన్లు. "చూ" దానంతట అదే గురువు కాబట్టి పొడుగు స్వరం మీద హాయిగా కూర్చుంది. చివర్లో "నా" అని నోరు తెరుచుకునే దీర్ఘం ఉంది కాబట్టి పాడేవాళ్ళు దాన్ని నిలబెట్టగలిగారు, కొంచెం ముందే తెగినా మాట పోదు. రెండు లైన్లలోనూ రెండో అక్షరం "డ". ప్రాస అంటే పద్యాలకే అనుకుంటాం గానీ ఇంత చిన్న హుక్‌లో అంత్యప్రాస కంటే ఇదే ముందు పనిచేస్తుంది. అంత్యప్రాస తెలియాలంటే రెండో లైన్ చివరిదాకా వినాలి, ద్వితీయాక్షర ప్రాస రెండో లైన్ మొదలవగానే చెవికి తగులుతుంది.

నేను ముందు అనుకోనిది ఒకటి కూడా కలిసొచ్చింది. వీడియో మళ్ళీ మొదటికి వెళ్ళినప్పుడు చివరి మాట, మొదటి మాట కలిసి "ఉన్నా చూడు" అని వినిపించాయి. రెండోసారి తిరిగేటప్పుడు అది కొత్త వాక్యంలా వచ్చింది! అప్పటినుంచి ప్రతి హుక్‌నీ కనీసం నాలుగుసార్లు ఆపకుండా తిప్పి వింటున్నాను, ఆ అతుకు దగ్గర ఏం వినిపిస్తుందో చూడ్డానికి. ఒక్కోసారి అక్కడ పనికిమాలిన అర్థం కూడా వస్తుంది, అది ముందే తెలిస్తే మంచిది.

ఇంకో విషయం, రీల్ చేసేవాళ్ళ వైపు నుంచి. వాళ్ళకి పాటలో ఒక పని కావాలి, అంటే మాట పడగానే ఏదో ఒకటి చేయగలగాలి. "వెనక్కి" అనే మాట మొదటి సెకను పూర్తయ్యేలోపే మొదలవుతుంది, అక్కడ తల తిప్పొచ్చు, కెమెరా తిప్పొచ్చు, పాత ఫోటో పెట్టొచ్చు. అలాగే "చూడు", "ఉన్నా" రెండింటిలోనూ ఆడా మగా తేడా లేదు. "వచ్చాడు", "వెళ్ళింది" లాంటివి పడితే ఆ పాట సగం మందికి పనికిరాకుండా పోతుంది. మనకి "నువ్వు", "నేను" క్రియలతో ఈ సౌకర్యం ఉంది కాబట్టి హుక్ వరకైనా వాడుకోవాలి. ఎవరు ఎవరికి నీడో మేం చెప్పలేదు. స్నేహితుల గురించి వాడుకున్నారు, తల్లుల గురించి వాడుకున్నారు, పెంపుడు కుక్కల గురించి కూడా. దారి, కళ్ళు, ఎదురుచూపు అన్నీ ఉన్న మొదటి లైన్‌తో అది కుదిరేది కాదు, అందులో కథ అప్పటికే నిండిపోయింది.

ఇక పరీక్ష. స్టూడియో స్పీకర్ల మీద విని నిర్ణయించకండి. ఫోన్ స్పీకర్‌లో బేస్ దాదాపు ఉండదు, మాట ఒక్కటే నిలబడాలి. ఫోన్‌ని గదికి అవతల పెట్టి, సౌండ్ తగ్గించి, లిరిక్ చూడని వాళ్ళకి ఒక్కసారే వినిపించి ఏం విన్నారో రాయమనండి. చెప్పమనొద్దు, రాయమనాలి, చెప్పేటప్పుడు మన మొహం చూసి సర్దేస్తారు. మేం ఐదుగురికి వినిపిస్తే ఇద్దరు "నీదై ఉన్నా" అని రాశారు. డకి, దకి తేడా చిన్న స్పీకర్లో ఇట్టే పోతుంది. "నీదై" అన్నా ఏదో ఒక అర్థం వస్తుంది కదా, వదిలేద్దాం అన్నారు మా మ్యూజిక్ చేసినతను. నాకు మనసొప్పలేదు, నీడ పోతే వెనక్కి తిరగడానికి కారణమే పోతుంది. చూస్తే ఆ మాట మీద రెండు గొంతులు కలిపి ఉన్నాయి, రెండింటిలో "డ" ఒకే క్షణంలో పడక మెత్తబడిపోయింది. ఆ ఒక్క మాటకి రెండో గొంతు తీసేసి, రివర్బ్ తగ్గించి, కొత్తగా ఇంకో ఐదుగురికి వినిపిస్తే అందరూ "నీడై" అనే రాశారు.

టెంపో వేరైతే లెక్క మారుతుంది, అది చూసుకోండి. 120 బీపీఎం అయితే రెండు బార్లు 4 సెకన్లలోనే అయిపోతాయి. మిగిలిన సెకనులో ఇంకో మాట ఇరికించాలని అనిపిస్తుంది, వద్దు, మొదటి మాటనే మళ్ళీ అనిపించండి. మరీ నెమ్మది పాటైతే ఒకటిన్నర బార్‌లోనే అర్థం పూర్తయ్యేలా రాయాలి.

చివరగా, హుక్ ముందు "ఓ", "హే", "మరి" లాంటివి పెట్టకండి. పాటలో అవి బీట్‌కి ముందే పడతాయి, రీల్ చేసేవాళ్ళు బీట్ దగ్గర నుంచి పాటని ఎంచుకుంటారు, సగం అక్షరం తెగి ముక్కలా వినిపిస్తుంది. పాటని అప్‌లోడ్ చేసే కొన్ని సర్వీసుల్లో క్లిప్ ఎక్కడ మొదలవ్వాలో సెకన్లలో అడుగుతారు, అది ఖాళీగా వదలకండి. మాది 16 బార్ల తర్వాత వస్తుంది, అంటే సరిగ్గా 40వ సెకను దగ్గర, అదే అంకె ఇచ్చాం. పరీక్షించి చూస్తే "చూడు"లో "చ" కొరికేసినట్టు వచ్చింది, పాడినమ్మాయి బీట్‌కి వెంట్రుకవాసి ముందు ఎత్తుకుంది. మళ్ళీ పాడించకుండా ఫైల్ మొదట్లో 0.1 సెకను నిశ్శబ్దం చేర్చి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేశాం. హుక్ ఆ మేరకు వెనక్కి జరిగింది, 40 అనే అంకె అలాగే ఉంది, "చ" పూర్తిగా వినిపించింది.