కనెక్షన్లు 1,840, రిఫరల్స్ సున్నా: ఏది లెక్కపెట్టాలి?

*"లింక్డ్‌ఇన్‌లో నాకు 1,840 కనెక్షన్లున్నాయి. రోజూ కొత్తవాళ్లకు రిక్వెస్టులు పంపుతుంటాను. ఉద్యోగం మారాలని చూస్తున్నా ఇంతవరకు ఒక్క రిఫరల్ కూడా రాలేదు. నా నెట్‌వర్కింగ్ పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? దీనికి యాప్ కొనాలా, గూగుల్ షీట్ చాలా?"*

షీట్ చాలు. వందా రెండు వందల మంది వరకు యాప్ అవసరం రాదు. కనెక్షన్ల సంఖ్యను మాత్రం పక్కన పెట్టేయండి. అవతలివాళ్లు Accept నొక్కినప్పుడల్లా అది ఒకటి పెరుగుతుంది, ఆ తర్వాత మీతో ఒక్క మాట మాట్లాడకపోయినా అలాగే ఉంటుంది. ఐదు వందలు దాటాక మీ ప్రొఫైల్ చూసేవాళ్లకు కూడా 500+ అనే కనిపిస్తుంది.

షీట్‌లో మీరు మెసేజ్ పంపిన ఒక్కో మనిషికి ఒక్కో వరస పెట్టండి. A లో పేరు, B లో మెసేజ్ పంపిన తేదీ, C లో మార్గం, D లో జవాబు వచ్చిన తేదీ, E లో మీటింగ్ జరిగిన తేదీ, F లో రిఫరల్ తేదీ, G లో ఎవరి ద్వారా పరిచయమయ్యారో ఆ పేరు. మార్గం అన్నచోట రెండే మాటలు వాడండి: ముఖపరిచయం లేనివాళ్లకు రాస్తే "నేరుగా", పాత సహోద్యోగులకో, ఎవరైనా పరిచయం చేసినవాళ్లకో రాస్తే "పరిచయం". ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా రాస్తే ఫార్ములాకు అవి వేర్వేరు మాటలైపోతాయి.

తేదీ నింపే ముందు దేన్ని లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకోవాలి. చాలామంది షీట్లు ఇక్కడే పాడవుతాయి. "థాంక్స్ ఫర్ కనెక్టింగ్", బొటనవేలు గుర్తు జవాబులు కావు. మీరు అడిగినదానికి సమాధానం చెబితేనే జవాబు. క్యాలెండర్‌లో పెట్టుకుని వాయిదా పడింది మీటింగ్ కాదు, మాట్లాడటం పూర్తయ్యాకే తేదీ వేయండి. "రెజ్యూమె పంపండి, చూస్తాను" అన్నది రిఫరల్ కాదు. ఆయన మీ పేరును ఫలానా ఉద్యోగానికి, ఫలానా మనిషికి లేదా కంపెనీ రిఫరల్ పోర్టల్‌లో ఇచ్చారని తెలిసినప్పుడే రిఫరల్. చాలా కంపెనీల్లో పోర్టల్‌లో పేరు ఎక్కించగానే అభ్యర్థికి ఈమెయిల్ వస్తుంది కాబట్టి అది రాకపోతే మొహమాటపడకుండా ఒకసారి అడగండి.

ఇప్పుడు లెక్క. మూడు నెలల్లో మీరు 55 మందికి రాశారనుకుందాం, 40 మందికి నేరుగా, 15 మందికి పరిచయంతో. నేరుగా రాసినవాళ్లలో 6 జవాబులు వచ్చాయి, అంటే 15 శాతం. కానీ ఆ 40లో 16 మెసేజ్‌లు ఈ వారమే పంపారు. ఆ 16 మందిలో చాలామంది ఇంకా మెసేజ్ తెరిచి ఉండరు. వాళ్లనూ కలిపి భాగిస్తే మీ రేటు అన్యాయంగా పడిపోతుంది. అందుకే పంపి 14 రోజులు నిండినవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి. ఆ నియమం భాగహారంలో పైన ఉండే జవాబులకూ, కింద ఉండే మొత్తం మందికీ రెండుచోట్లా పెట్టాలి. కింద మాత్రమే పెడితే, నిన్న పంపిన మెసేజ్‌కు ఈరోజు వచ్చిన జవాబు పైన చేరి రేటు లేనిపోని ఎత్తుకు వెళ్తుంది. మొదటిది 14 రోజుల్లోపు వచ్చిన జవాబులు, రెండోది మొత్తం మంది:

```
=SUMPRODUCT((C2:C200="నేరుగా")*(B2:B200<=TODAY()-14)*(D2:D200<>"")*(D2:D200-B2:B200<=14))
=COUNTIFS(C2:C200,"నేరుగా",B2:B200,"<="&TODAY()-14)
```

మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. మన ఉదాహరణలో 14 రోజులు నిండినవాళ్లు 24 మంది. 6 జవాబుల్లో ఒకటి ఈ వారపు మెసేజ్‌కు వచ్చింది కాబట్టి మిగిలేవి 5, రేటు దాదాపు 21 శాతం. పరిచయం వైపు 15 మందికీ గడువు నిండింది, 9 మంది జవాబిచ్చారు, అంటే 60 శాతం. ఫార్ములా #VALUE! అని చూపిస్తే D లోనో B లోనో ఎక్కడో తేదీకి బదులు "నిన్న" లాంటి మాట ఉందన్నమాట. షీట్ తేదీగా గుర్తించింది గడిలో కుడివైపు, మాటగా తీసుకున్నది ఎడమవైపు కనిపిస్తుంది కాబట్టి వెతకడం సులువు.

ఇంత చిన్న సంఖ్యల్లో ఒక్క మనిషి కూడా లెక్కను కదిలిస్తాడు. 15 మందిలో ఒకరు తగ్గితే రేటు దాదాపు 7 పాయింట్లు పడుతుంది. అయినా ఇద్దరు తగ్గినా 47 శాతం దగ్గర ఉంటుంది, అంటే నేరుగా రాసినదానికి రెట్టింపు పైనే. ఈ తేడాను నమ్మొచ్చు. రిఫరల్స్ విషయంలో మాత్రం తొందరపడకండి. 30 మందికి రాస్తే ఒక్క రిఫరల్ రాలేదంటే అసలు రేటు సున్నా అని కాదు. సున్నా వచ్చినప్పుడు గణాంకాల్లో వాడే అంచనా సూత్రం ప్రకారం 3ను 30తో భాగిస్తే 10 శాతం, నిజమైన రేటు అంతవరకు ఉండి కూడా ఈసారి సున్నా రావచ్చు. పైగా రిఫరల్‌కు 14 రోజులు చాలవు. మీటింగ్ జరగాలి, ఖాళీ పడాలి. నేనైతే 60 రోజులు ఆగుతాను.

మూడు తేదీలు విడిగా ఉండటం వల్ల పని ఎక్కడ ఆగుతోందో కనిపిస్తుంది. జవాబులే రాకపోతే లోపం మీరు ఎంచుకున్న మనుషుల్లోనో మొదటి మెసేజ్‌లోనో ఉంది. జవాబులొచ్చి మీటింగ్ కుదరకపోతే మీరేం అడుగుతున్నారో స్పష్టంగా లేదని అనుమానించండి. "ఒకసారి మాట్లాడుకుందాం" అనేదానికంటే "మీ టీమ్‌లో టెస్టింగ్ ఎలా జరుగుతుందో 15 నిమిషాలు అడగాలి, గురువారం కుదురుతుందా" అంటే అవతలివాళ్లకు టైమ్ ఇవ్వడం తేలిక. మీటింగులు జరిగి రిఫరల్ రాకపోతే మీరు అడగలేదేమో చూసుకోండి. చాలామంది బాగా మాట్లాడి, ఏ ఉద్యోగం కావాలో చెప్పకుండానే ఫోన్ పెట్టేస్తారు. ఆ ఉద్యోగం లింకు పంపకపోతే ఆయన పోర్టల్‌లో ఏం నింపాలి?

G కాలమ్ నాకు అన్నిటికంటే ఇష్టం. మీ పాత సహోద్యోగి ఒకరు స్వయంగా రిఫర్ చేయలేదు. కానీ ముగ్గురిని పరిచయం చేశారు, వాళ్లలో ఒకరు రిఫర్ చేశారు. F మాత్రమే చూస్తే ఆ సహోద్యోగి వరస ఖాళీ, ఆయనకు రాయడం మానేస్తారు. ఆ ముగ్గురి వరసల్లో G లో ఆయన పేరు రాసి, H2 లో ఇది పెట్టి కిందికి లాగండి:

```
=COUNTIF(G$2:G$200,A2)
```

ఎవరు ఎన్ని తలుపులు తెరిచారో పేరు పక్కనే కనిపిస్తుంది. ఇద్దరికి ఒకే పేరుంటే వెనక కంపెనీ పేరు కలపండి, లేకపోతే ఇద్దరి లెక్కా కలిసిపోతుంది.

పాత మెసేజ్‌లను గుర్తుతెచ్చుకుని నింపనక్కర్లేదు. లింక్డ్‌ఇన్ Settings లో Data privacy కింద Get a copy of your data ద్వారా మెసేజ్‌ల కాపీ అడగండి. వచ్చే ఫైళ్లలో messages.csv లో ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో తేదీలతో ఉంటుంది. గత మూడు నెలలవి చాలు. Connections.csv కూడా వస్తుంది కానీ అందులో ఎప్పుడు కనెక్ట్ అయ్యారో ఉంటుంది తప్ప ఆ తర్వాత మాట్లాడారో లేదో ఉండదు. ఈ షీట్‌లో ఇతరుల పేర్లు, సంగతులు ఉంటాయి కాబట్టి షేరింగ్ లింకు ఆన్ చేయకండి.