ఫొటో తీసేయించాలంటే ముందు లింకు పట్టుకో

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చూశాను. నువ్వు ఒప్పుకోకుండా నీ ఏకాంతపు ఫొటోని పెట్టిన ఆ దొంగ అకౌంట్‌ని బ్లాక్ చేసెయ్యనా, ఫ్రెండ్స్ అందరిచేతా రిపోర్టులు కొట్టించనా అని అడిగావు. రెండూ ఇప్పుడే చెయ్యకు. బ్లాక్ చేస్తే ఆ పోస్టు నీకే కనపడకుండా పోతుంది. అలికిడి తెలిస్తే వాడు దాన్ని తీసేసి ఇంకో పేరుతో పెడతాడు, నీ చేతిలో ఆధారం మిగలదు. స్నేహితులకు లింకు పంపడమంటే ఆ ఫొటోని మరో పదిమందికి మనమే చూపించడం. పైగా ఎంతమంది రిపోర్టు చేశారన్నది అక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. ఏ కారణం కింద చేశారన్నదే ముఖ్యం. ఆ సంగతి కింద వివరంగా చెబుతాను.

ముందు లింకులు పట్టుకో. పోస్టు మీద షేర్ బటన్ నొక్కి లింకు కాపీ చేసి ఒక ఫైల్లో పెట్టుకో. వాడి ప్రొఫైల్ లింకు కూడా తీసుకో. కానీ పేరు మార్చుకుంటే కొన్ని యాప్‌లలో ప్రొఫైల్ లింకు కూడా మారిపోతుంది కాబట్టి పోస్టు లింకే నీకు అసలు ఆధారం. తేదీ, అకౌంట్ పేరు, కింద రాసిన కామెంట్లు కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచు, రేపు పోలీసులకు అవే కావాలి. వెబ్‌సైట్ అయితే ఇంకో మెట్టు ఉంది. పేజీకి ఒక లింకు, అందులోని బొమ్మ ఫైలుకు విడిగా ఇంకో లింకు ఉంటాయి. కంప్యూటర్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే బొమ్మ అడ్రస్ కాపీ చేసుకోవచ్చు. రెండూ రాసిపెట్టుకో.

ఇక రిపోర్టు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. నేను దగ్గరుండి చూసిన ఒకామె విషయం చెబుతాను. ఒకప్పుడు నమ్మి ఒకతనికి పంపిన ఫొటోని అతను ఆమె పేరుతో సహా ఒక అడల్ట్ ఫోరంలో పెట్టాడు. ఇంట్లోవాళ్లు కంగారులో ‘అశ్లీలం’ అన్న కారణం కింద రిపోర్టు చేశారు. మా నియమాలకు విరుద్ధంగా లేదని జవాబు వచ్చింది. వస్తుంది మరి! పెద్దవాళ్ల నగ్న చిత్రాలు అక్కడ మామూలే. చూసేవాడికి అది ఇంకో ఫొటో, అంతే. అందులో ఉన్న మనిషి ఒప్పుకోలేదని ఫొటో చూసి ఎవరూ కనిపెట్టలేరు. ఆ మాట మనమే చెప్పాలి.

తర్వాత ఆమే స్వయంగా, ‘అనుమతి లేకుండా పెట్టిన వ్యక్తిగత చిత్రం’ అన్న కారణం ఎంచుకుని మళ్లీ పంపింది. రాసింది నాలుగు వాక్యాలే: ‘ఈ లింకులోని ఫొటోలో ఉన్నది నేను. ఇది ఏకాంతంగా తీసిన ఫొటో. దీన్ని బయటపెట్టడానికి నేను ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. వెంటనే తొలగించండి.’ కింద పేజీ లింకు, బొమ్మ లింకు, పేరు, ఈమెయిల్. అతనెంత దుర్మార్గుడో, తను ఎంత ఏడ్చిందో ఏమీ రాయలేదు. ఈసారి పోస్టు పోయింది. అయినా పేజీ పోయిందని సంబరపడకుండా, బొమ్మ లింకుని బ్రౌజర్ ప్రైవేట్ విండోలో తెరిచి చూశాం. ఫొటో ఇంకా తెరుచుకుంటోంది! పోస్టు చెరిపేశారు గానీ ఫైలు సర్వర్‌లోనే ఉండిపోయింది. ఆ లింకు ఒక్కటే పెట్టి మళ్లీ రాస్తే అప్పుడు తీశారు. నువ్వు కూడా ఈ పరీక్ష చేశాకే పని అయిందనుకో.

ఆ నాలుగు వాక్యాలు ఊరికే కుదిరినవి కావు. అమెరికాలో 2025లో వచ్చిన చట్టం ప్రకారం, సరైన ఫిర్యాదు అందిన 48 గంటల్లో సైట్లు ఇలాంటి చిత్రాన్ని తీసేయాలి. అది ‘సరైన ఫిర్యాదు’ కావాలంటే ఫొటో ఎక్కడుందో తెలియాలి, అనుమతి లేదన్న ప్రకటన ఉండాలి, సంతకం, నిన్ను అందుకునే వివరాలు ఉండాలి. కంప్యూటర్‌తో తయారుచేసిన నకిలీ నగ్న చిత్రాలకూ అదే చట్టం వర్తిస్తుంది. వేరే దేశాల గడువులు వేరు. కానీ ఫిర్యాదులో ఈ అంశాలన్నీ ఉంటే ఎవరూ ఇది చాలదని తిప్పిపంపడం కష్టం.

ఇదంతా ఒక్కో లింకు వెంటపడటం. కాపీలు పుట్టకుండా ముందే అడ్డుకోవడానికి StopNCII.org ఉంది. చాలామంది భయపడేది అక్కడ ఫొటో అప్‌లోడ్ చెయ్యాలేమోనని. అక్కర్లేదు. ఫొటో నీ ఫోన్ దాటి బయటికి పోదు. నీ ఫోన్‌లోనే దాన్నుంచి హాష్ అనే ఒక కోడ్ తయారవుతుంది. వేలిముద్ర లాంటిదన్నమాట. ఆ కోడ్ నుంచి ఫొటోని తిరిగి తయారుచెయ్యలేరు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, రెడిట్ లాంటి సభ్య సంస్థలకు కోడ్ మాత్రమే వెళ్తుంది. అదే ఫొటో అక్కడ కనిపిస్తే పోల్చి చూసి ఆపుతాయి. ఫొటో ఇంకా బయటికి రాకముందు, బెదిరింపు దశలో ఉన్నప్పుడు కూడా ఇది చెయ్యొచ్చు. చివర్లో ఇచ్చే కేసు నంబరు, పిన్ జాగ్రత్తగా రాసుకో, పోతే మళ్లీ దొరకవు.

దీనికీ హద్దులున్నాయి. సభ్యులు కాని సైట్లలో పనిచెయ్యదు. వాట్సాప్ లాంటి ఎన్‌క్రిప్టెడ్ చాట్లలోకి చూడలేదు, అక్కడ ఆ మెసేజ్‌నే యాప్‌లోంచి రిపోర్టు చెయ్యాలి. ఫొటోని బాగా కత్తిరించినా, మార్చినా కోడ్ కలవకపోవచ్చు. అలాంటి కాపీ కనపడితే దానికీ విడిగా కోడ్ చేయించు. ఇంకోమాట, ఇది 18 దాటినవాళ్లకు. ఫొటో తీసినప్పుడు 18 నిండకపోతే takeitdown.ncmec.org వాడాలి. ఆ ఫొటోల స్క్రీన్‌షాట్లు తియ్యకు, ఎవరికీ పంపకు. లింకులు మాత్రం రాసుకుని పోలీసులకు ఇవ్వాలి.

గూగుల్ సంగతి వేరు. వెతికితే కనిపించే ఫలితాన్ని వాళ్లు తీస్తారు, అసలు పేజీ మాత్రం అక్కడే ఉంటుంది. అయినా ముందే అడుగు. నీ పేరు కొట్టి చూసేవాళ్లకు కనపడకపోతే సగం టెన్షన్ తగ్గుతుంది. ఫలితం పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే తొలగించమని అడిగే దారి వస్తుంది. ఫారంలో పేజీ లింకు, బొమ్మ లింకు, ఏ మాటలతో వెతికితే వస్తోందో అన్నీ ఇవ్వు. అదే ఫొటో కాపీలను, అలాంటి వెతుకులాటల్లో వచ్చే అశ్లీల ఫలితాలను కూడా వడకట్టమని అక్కడే అడగొచ్చు. పేజీ పోయాక కూడా పాత ఫలితం వేలాడుతుంటే ‘అవుట్‌డేటెడ్ కంటెంట్’ టూల్ ఉంది, అది వాడు.

దేనికీ పలకని సైట్ తగిలితే, ఆ ఫొటో నువ్వే తీసుకున్న సెల్ఫీ అయితే, కాపీరైట్ నీది. అనుమతి మాట వినిపించుకోనివాళ్లు కాపీరైట్ నోటీసుకు కదులుతారు. సైట్‌కే కాదు, దానికి చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీకీ పంపొచ్చు. కానీ అందులో నీ అసలు పేరు రాయాలి, అది ఆ ఫొటో పెట్టినవాడికి చేరే అవకాశం ఉంది, కొన్నిసార్లు బయట కూడా కనపడుతుంది. అందుకే దీన్ని చివరికి పెట్టుకో.

వాడు డబ్బు అడిగితే ఇవ్వకు. ఇస్తే మళ్లీ అడుగుతాడు. ఆ మెసేజ్‌లు చెరపకుండా ఉంచి, నువ్వుండే చోట సైబర్ పోలీసులకు ఫిర్యాదు చెయ్యి. ఫొటో తీసేయించడం, వాడి మీద కేసు పెట్టడం రెండు వేర్వేరు పనులు. ఒకదాని కోసం ఇంకోదాన్ని ఆపకు. నాకు ఫొటో పంపొద్దు, లింకుల ఫైలు పంపు. ఫిర్యాదు నువ్వు రాస్తుంటే నేను ఫోన్‌లో ఉంటాను.

నీ పెద్దమ్మ