తంగేడు కార్డులు సరిపోను పెట్టు బిడ్డా

సంధ్యా,

నువ్వు బతుకమ్మ మీద కార్డుల ఆట తయారుచేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. ఐదువందల సెట్లు ఒకేసారి అచ్చు వేయిస్తానన్నావట, అది విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఎవరితోనూ ఆడించకుండా అడ్వాన్స్ ఎట్లా ఇస్తావు?

బొమ్మలు పెద్దగా వెయ్యి. పేరు చదవకుండానే గునుగేదో బంతేదో తెలియాలి.

అసలు చెప్పాల్సింది మీ బాబాయి చేసిన ఆట గురించి. పాత లగ్నపత్రికల అట్టలు కోసి, నల్లగొండలో మన ఇంటి అరుగు మీద కూర్చుని గీశాడు. ఒక్కో వంతు ఒక్కో రోజు, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది. వంతుకో కార్డు తీసి, ఒకటి పేర్చాలి. అడుగు వరుసకు మూడు తంగేళ్లు, పైన రెండు గునుగులు, ఒక బంతి, చివరికి గౌరమ్మ. మొత్తం ఏడు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ కాబట్టి పేర్చడం లేదు. అంటే పేర్చే వంతులు ఎనిమిది, ఒక్కటే ఖాళీ పోవచ్చు.

నలుగురికి కావాల్సిన తంగేళ్లు పన్నెండు. వాడు సరిగ్గా పన్నెండే గీశాడు. ఒక పిల్ల ఆరు దాచుకుంది. మిగతా ముగ్గురికి తొమ్మిది కావాలి, ఉన్నవి ఆరే. అడుగు లేకుండా గునుగు ఎక్కడ పెడతారు? రెండు వంతులు ఊరికే పోయేసరికి ఇక సద్దులకు అందుకోలేమని పిల్లలకు అర్థమైంది. చిన్నది లేచి గడప మీద కూర్చుంది. దాన్ని మళ్లీ ఆటకు పిలవడానికి వాడు పడ్డ పాట్లు నాకిప్పటికీ కళ్లకు కడతాయి. పాపం, ఎంత ఇష్టంగా చేశాడో!

నువ్వు పదహారు తంగేళ్లు పెట్టు, చేతిలో నాలుగు కార్డులకు మించి ఉంచుకోనివ్వకు. అప్పుడు ఒకరు మూడు పేర్చి నాలుగు దాచినా, మిగతా ముగ్గురికి తొమ్మిది మిగులుతాయి. ఇద్దరు దాస్తే ఇదీ చాలదు. అందుకని అలిగిన రోజు ప్రతి ఒక్కరూ పక్కవాళ్లకు ఒక కార్డు ఇవ్వాలని పెట్టు. సద్దుల నాడు మాత్రం చేతిలో ఉన్నవన్నీ పేర్చనియ్యి. ఆ రోజు పెద్ద బతుకమ్మ పేర్చేది మనమే కదా, ఆటలోనూ వెనకబడ్డవాళ్లు అందుకుంటారు. గౌరమ్మను మొదటే అందరికీ తలా ఒకటి ఇచ్చెయ్యి, దానికోసం వెతికించకు.

ఆడేటప్పుడు నువ్వు నోరు విప్పకు. ఎవరైనా వరుసగా రెండుసార్లు "నా దగ్గరేం లేదు, నువ్వాడు" అన్నారంటే అక్కడ రాసుకో. కార్డుల అంచులు కూడా చూడు. బాబాయి అట్టల్లో ఒకదాని మూల మడతపడి, అది బంతి అని వెనుకనుంచే తెలిసిపోయేది.

దసరాకు వచ్చేటప్పుడు కాగితం ముక్కలే పట్టుకురా. మీ నానమ్మకు చదువు రాదు గానీ పచ్చీసులో గవ్వలు చూడగానే లెక్క చెబుతుంది. ముందు ఆమెతో ఆడించు. అంతదాకా ప్రెస్సువాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకు.

మీ అత్తమ్మ