ఖాళీ ఫారానికి బ్యాంకు ఉత్తరం వస్తే

“ఏటీఎంలో 5,000 రాలేదు, ఖాతాలో మాత్రం తగ్గాయి. బ్రాంచిలో ఫిర్యాదు ఫారం ఇచ్చాను. ‘ఫారంలో సంతకం తప్ప వివరాలేవీ లేవు’ అని ఆఫీసరు ఉత్తరం పంపారు. మళ్లీ మొదటికొచ్చినట్టేనా?”

ఉత్తరం చివరి వాక్యం ఏమంటోందో చూడండి. ‘వివరాలు పంపండి’ అని ఉంటే ఫిర్యాదు ఇంకా తెరిచే ఉంది. పైనున్న ఫిర్యాదు నంబరు వేసి దానికే జవాబివ్వండి. ‘ముగించడమైనది’ అని ఉంటే కొత్తది పెట్టి, పాత నంబరు అందులో రాయండి. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి రెండు పేజీల ఆఫీసు భాష చదవాల్సి రావడం మన బ్యాంకుల ప్రత్యేకత.

రాయాల్సింది అయిదారు పంక్తులే. ఖాతా నంబరు, కార్డు చివరి నాలుగు అంకెలు, తేదీ, సమయం, మొత్తం, స్లిప్పు మీది ఏటీఎం ఐడీ, లావాదేవీ రిఫరెన్సు నంబరు. స్లిప్పు రాకపోతే పాస్‌బుక్కులో ఆ పద్దున్న పేజీ జిరాక్సు జతచేయండి. స్లిప్పు ఉంటే ఇవాళే ఫోటో తీసిపెట్టుకోండి, ఆ కాగితం మీది అక్షరాలు నెలల్లోనే వెలిసిపోతాయి. ‘డబ్బు రాలేదు, న్యాయం చేయండి’ అని రాస్తే మళ్లీ ఇదే ఉత్తరం వస్తుంది. మిషన్ లాగ్‌లో మీ లావాదేవీని వెతకాలన్నా, ఆ రోజు నగదు లెక్కలో 5,000 మిగిలిందేమో చూడాలన్నా తేదీ, సమయం, ఏటీఎం ఐడీ కావాలి. ఏటీఎం వేరే బ్యాంకుదైనా ఫిర్యాదు మాత్రం మీకు కార్డిచ్చిన బ్యాంకుకే.

ఖాళీ ఫారం వల్ల మీ పరిహారం పోదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం, ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో తగ్గితే లావాదేవీ రోజు కాక 5 రోజుల్లో డబ్బు తిరిగి వేయాలి. దాటితే రోజుకు 100 రూపాయలు, అదీ ఖాతాదారు అడక్కుండానే. 3వ తేదీన పోయిన డబ్బుకు 8 వరకు గడువు. 20న జమైతే 12 రోజులకు 1,200 రావాలి. రాకపోతే ఈ లెక్క జవాబులోనే వేసేయండి. కౌంటర్లో ఎవరూ తమంతట తాము గుర్తుచేయరు.

ఎవరో మోసం చేసి ఖాతాలోంచి లాగేసిన డబ్బయితే ఖాళీ ఫారం నిజంగా దెబ్బ తీస్తుంది. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా బయటివాళ్లదైతే, బ్యాంకు సమాచారం పంపాక 3 పనిదినాల్లోపు చెబితే మీకు నష్టం ఉండదు. ఆలస్యమయ్యేకొద్దీ భారం మీ మీదికి జరుగుతుంది. అలాంటప్పుడు ఫారం కోసం ఆగకుండా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి.

ఆ ఉత్తరం పిన్, ఓటీపీ, సీవీవీ అడుగుతుంటే అది బ్యాంకు ఉత్తరమే కాదు.

జవాబు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో బ్రాంచి ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లేటప్పుడు చూపించాల్సింది ఆ కాపీనే. ఖాళీ ఫారం చూపించి ఫిర్యాదు చేశానంటే అక్కడ నిలబడటం కష్టం.